బుడగకి నాలుగు, బిందువుకి రెండు: ఆ రెట్టింపు ఎక్కడిది?

విజయవాడలో ఎంపీసీ చదివే పిల్లల్లో ఎవర్ని నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు: నీటి బిందువు లోపల అధిక పీడనం, అంటే బయటికంటే ఎంత ఎక్కువో అది, 2T/R, సబ్బు బుడగ లోపల 4T/R. T తలతన్యత, R వ్యాసార్థం. ఎందుకు రెట్టింపు అంటే దానికీ జవాబు నోటి చివరే ఉంటుంది, "బుడగకి రెండు తలాలుంటాయి సార్" అని. ఈఏపీసెట్‌లో బిట్ పెట్టడానికి ఆ మాత్రం చాలు. ఇంకో అడుగు ముందుకేసి, తలాలు రెండైతే పీడనం ఎందుకు రెట్టింపవ్వాలి అంటే మాత్రం క్లాసులో చప్పుడుండదు.

మా ట్యూషన్‌లో ఒకమ్మాయి ఇదే ప్రశ్నని తిరగేసి అడిగింది. "బయటి తలం బయటివైపు చూస్తోంది, లోపలి తలం లోపలివైపు చూస్తోంది. రెండూ ఎదురెదురే కదా సార్. ఒకటి లోపలికి లాగితే ఇంకోటి బయటికి లాగాలి. అప్పుడు రెండూ కొట్టేసుకుని సున్నా రావాలి, రెట్టింపెలా వస్తుంది?" అని. ఫార్ములా చూపించి దాటెయ్యడం తేలికే. కానీ ఈ పాఠంలో పట్టుకోవాల్సిన చిక్కుముడి సరిగ్గా అక్కడే ఉంది. దాన్ని విప్పితే బిందువు, బుడగ, గోలీసోడాలో పైకి లేచే గాలి బుడగ, మూడూ ఒకే లెక్కలోకి వచ్చేస్తాయి.

ముందు తలతన్యత ఏ దిక్కున లాగుతుందో తేల్చుకోవాలి. నీటి తలం మీద ఒక గీత గీసినట్టు ఊహించుకోండి. ఆ గీతకి ఒక పక్కనున్న తలం రెండో పక్కనున్న తలాన్ని తన వైపు లాగుతూ ఉంటుంది. గీత పొడవు ఒక మీటరైతే ఆ లాగుడు ఎంతో, అదే తలతన్యత T. గది ఉష్ణోగ్రత దగ్గర శుభ్రమైన నీటికి ఇది మీటరుకి 0.072 న్యూటన్లు. అంటే మీటరు పొడవు గీత మీద ఏడు గ్రాముల బరువు వేలాడదీసినంత లాగుడు, అంతే. ముఖ్యమైన సంగతేమిటంటే, ఈ లాగుడు తలం వెంబడే ఉంటుంది. తలానికి లంబంగా, లోపలికో బయటికో ఉండదు. లంబంగా పనిచేసేది పీడనం. తలం ఎటు "చూస్తోంది" అన్నది T కి పట్టదు. ఆ అమ్మాయి ప్రశ్నలో మెలిక ఇదే. దాన్ని లెక్కలో చూద్దాం.

R వ్యాసార్థమున్న నీటి బిందువుని నడిమికి అడ్డంగా కోసి, పై సగాన్ని మాత్రమే ఎదురుగా పెట్టుకుందాం. నిజంగా కొయ్యనక్కర్లేదు, మనసులో కోస్తే చాలు. ఈ సగం కదలకుండా ఉంది కాబట్టి దాని మీద పైకి నెట్టే బలాలు, కిందికి నెట్టే బలాలు సరిపోవాలి. పైకి నెట్టేది ఒక్కటే: కోసిన చోట, కింది సగంలోని నీరు పై సగంలోని నీటిని నెడుతుంది. అక్కడ పీడనం లోపలి పీడనం, వైశాల్యం గుండ్రటి కోత ముఖం, πR². కిందికి నెట్టేవి రెండు. ఒకటి, డొప్ప మీద బయటి గాలి ఒత్తిడి. రెండోది, కోత అంచు చుట్టూ కింది సగం తలం పై సగం తలాన్ని పట్టుకుని కిందికి లాగడం. ఆ అంచు పొడవు 2πR, కాబట్టి ఈ లాగుడు T × 2πR.

ఇక్కడ పిల్లలు ఆగిపోయే చోటు ఒకటుంది. బయటి గాలి నెట్టేది డొప్ప మొత్తాన్ని, దాని వైశాల్యం 2πR² కదా, మరి లెక్కలో πR² ఎందుకు వేస్తారు? సమాకలనం చేసి చూపించొచ్చు గానీ అంత అవసరం లేదు. అదే అర్ధగోళం ఆకారంలో ఒక చెక్క ముక్క గాలిలో ఉందనుకోండి. చుట్టూ గాలి దాన్ని అన్ని వైపులా నెడుతోంది. అయినా గాలి ఒత్తిడి వల్ల ఆ చెక్క తనంతట తాను పక్కకి పరుగెత్తదు. అంటే డొప్ప వైపు నుంచి వచ్చే మొత్తం నెట్టుడు, చదునైన ముఖం వైపు నుంచి వచ్చే నెట్టుడితో సరిగ్గా సమానం. చదునైన ముఖం మీద నెట్టుడు పీడనం × πR². కాబట్టి డొప్ప మీదదీ అంతే. డొప్ప మీద పక్కలకి నెట్టే భాగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోగా కిందికి మిగిలేది అది.

లోపలి పీడనాన్ని P_in, బయటి పీడనాన్ని P_out అనుకుంటే, ఇప్పుడు సమతౌల్యం రాయడం రెండు లైన్ల పని.

P_in × πR² = P_out × πR² + T × 2πR

P_in − P_out = 2T/R

అంకెలు వేస్తే ఇంకా బాగా పట్టుబడుతుంది. ఒక మిల్లీమీటరు వ్యాసార్థమున్న వాన చినుకుని తీసుకుందాం. కోత అంచు పొడవు 6.28 మిల్లీమీటర్లు. దాన్ని 0.072 తో గుణిస్తే లాగుడు 0.00045 న్యూటన్లు వస్తుంది. చాలా చిన్న బలం. కానీ అది కూర్చున్న ముఖం కూడా చిన్నదే, 3.14 చదరపు మిల్లీమీటర్లు. భాగిస్తే 144 పాస్కల్. ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తు నీళ్లు అడుగున ఎంత ఒత్తుతాయో అంత. చినుకు తన సొంత బరువుతో పైనుంచి కిందికి కలిగించుకునే పీడన తేడా 20 పాస్కల్‌కి మించదు, ఎందుకంటే అది రెండు మిల్లీమీటర్ల ఎత్తే. 144 ముందు 20 పెద్దగా లెక్కలోకి రాదు, అందుకే చిన్న చినుకు దాదాపు గుండ్రంగా ఉంటుంది. వ్యాసార్థం పెరిగేకొద్దీ 2T/R తగ్గుతుంది, బరువు వల్ల వచ్చేది పెరుగుతుంది. తామరాకు మీద పెద్ద బొట్టు చదునుగా కూర్చోవడానికి కారణం అదే. అలాంటి బొట్టుకి ఒకే R ఉండదు కాబట్టి 2T/R లో ఏ R వెయ్యాలో కూడా తేలదు. సూత్రం గోళాకారానికి మాత్రమే.

మరీ చిన్న బిందువుల దగ్గర అంకెలు ఎక్కడికో వెళ్లిపోతాయి. జనవరి తెల్లవారుజామున కృష్ణ మీద దిగే పొగమంచులో 5 మైక్రాన్ల వ్యాసార్థమున్న బిందువు దొరికిందనుకుంటే, దాని లోపల అధిక పీడనం 28,800 పాస్కల్. వాతావరణ పీడనంలో పావు వంతు కంటే ఎక్కువ. నీళ్లు అవే, తలతన్యత అదే, R మాత్రమే తగ్గింది.

ఇక సబ్బు బుడగ. దీన్నీ అలాగే నడిమికి కోద్దాం. ఈసారి కోత ముఖాన్ని కింద నుంచి తలెత్తి చూడండి. మధ్యలో అంతా గాలి. అంచున మాత్రం సన్నటి తడి వలయం, మైక్రాను మందమో అంతకు తక్కువో. ఆ వలయానికి లోపలి అంచు ఒకటి, బయటి అంచు ఒకటి. తలతన్యత ఉండేది ద్రవం గాలిని తాకే తలంలో. ఇక్కడ ద్రవం గాలిని రెండు చోట్ల తాకుతోంది, కాబట్టి లాగే అంచులు రెండు. ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు కంటి ముందే ఉంది. బయటి అంచు దగ్గర తలం కోతకి అడ్డంగా, అంటే నిలువునా కిందికి దిగుతోంది. లోపలి అంచు దగ్గరా నిలువునా కిందికే దిగుతోంది. రెండు చోట్లా కింది సగం పై సగాన్ని కిందికే లాగుతుంది. బయటి తలం బయటికి చూస్తోందా, లోపలి తలం లోపలికి చూస్తోందా అన్నది ఈ లాగుడికి సంబంధం లేని విషయం. కొట్టేసుకోవడానికి ఎదురు దిక్కుల్లో ఏమీ లేదు.

P_in × πR² = P_out × πR² + 2 × (T × 2πR)

P_in − P_out = 4T/R

లోపలి అంచు వ్యాసార్థం, బయటి అంచు వ్యాసార్థం ఒకటి కాదు కదా అని అనుమానం రావచ్చు. రెండు సెంటీమీటర్ల బుడగలో ఆ తేడా ఒక మైక్రాను, అంటే ఇరవై వేలలో ఒక వంతు. వదిలెయ్యొచ్చు. వలయం మందం మీద పనిచేసే పీడనాన్ని కూడా అదే లెక్కన వదిలేస్తాం. పొర ఎంత మందం అన్నది 4T/R లో ఎక్కడా కనిపించకపోవడానికి కారణం అదే. బుడగ మీద రంగులు మారుతున్నాయంటే పొర మందం మారుతోందని అర్థం. లోపలి పీడనం మారుతోందని కాదు.

పుస్తకాల్లో సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం దీని తర్వాతి ప్రశ్నే ఎక్కువ ఇష్టం: ఆ పొరలో ఉన్న నీటిలో పీడనమెంత? బయటి గాలి అంతా, లోపలి గాలి అంతా?

రెండూ కాదు. బయటి నుంచి లోపలికి నడుచుకుంటూ వెళ్దాం. మొదట బయటి తలం దాటి గాలిలోంచి నీటిలోకి వస్తాం. ఇది అచ్చం బిందువులోకి దూరినట్టే, కాబట్టి పీడనం 2T/R పెరుగుతుంది. ఒక మైక్రాను దూరం నీటిలో ప్రయాణించి లోపలి తలం దగ్గరికొస్తాం. అది దాటితే నీటిలోంచి గాలిలోకి. ద్రవంలోంచి బయటికొస్తున్నాం కదా, పీడనం తగ్గాలేమో అనిపిస్తుంది. కానీ పీడనం ఎక్కువ ఏ వైపు అన్నది ద్రవం ఎటుంది, గాలి ఎటుంది అన్నదాన్ని బట్టి తేలదు. వంపు ఎటు తిరిగి ఉంది అన్నదాన్ని బట్టి తేలుతుంది. గిన్నెలా లోపలికి తిరిగిన పుటాకార వైపు ఎప్పుడూ పీడనం ఎక్కువ. లోపలి తలానికి పుటాకార వైపు ఉన్నది బుడగలోని గాలి. కాబట్టి అక్కడ మళ్లీ 2T/R పెరుగుతుంది. పొరలోని నీరు మధ్య మెట్టు మీద ఉంటుంది. బుడగ అంటే రెండు మెట్లు, బిందువు అంటే ఒక మెట్టు. ఒక్కో మెట్టు ఎత్తు 2T/R. 4 అనే అంకెకి వేరే రహస్యం లేదు.

ఈ నియమాన్ని 1805లో థామస్ యంగ్ మాటల్లో వివరించాడు, 1806లో లాప్లాస్ గణితంలో పెట్టాడు. సాధారణ రూపంలో ఒక్కో తలానికి మెట్టు ఎత్తు T(1/R₁ + 1/R₂), అడ్డంగా ఒక వంపు, నిలువుగా ఒక వంపు. గోళానికి రెండు వంపులూ ఒకటే కాబట్టి 2T/R. బిందువులో 2 రావడానికి ఇది కారణం. బుడగలో ఇంకో 2 రావడానికి రెండు తలాలు కారణం. ఈ రెండు రెండ్లూ వేరువేరు చోట్ల నుంచి వచ్చాయి. వాటిని కలిపేసుకునేవాళ్లే పరీక్షలో తడబడతారు.

గోలీసోడా బుడగ దగ్గర ఆ తడబాటు బాగా బయటపడుతుంది. పేరు బుడగే, కానీ దానికి రెండో తలం లేదు. లోపల వాయువు, చుట్టూ ద్రవం, మధ్యలో ఒకే తలం, ఒకే మెట్టు. కాబట్టి 2T/R. అర మిల్లీమీటరు వ్యాసార్థమున్న బుడగకి, సోడాని మామూలు నీళ్లలా తీసుకుంటే, 288 పాస్కల్. అది తలం కింద పది సెంటీమీటర్ల లోతులో ఉంటే నీటి ఎత్తు వల్ల వచ్చే 980 పాస్కల్‌ని విడిగా కలపాలి. సీసా తెరిచే ఉంది కాబట్టి ఆ పైన వాతావరణ పీడనం ఎలాగూ ఉంటుంది. ప్రశ్నలో "బుడగ" అని కనిపించగానే 4 వేసేవాళ్లకి మార్కు పోయేది ఇక్కడే. లోపలి నుంచి బయటికి వెళ్లేటప్పుడు ద్రవం–గాలి సరిహద్దుని ఎన్నిసార్లు దాటామో లెక్కపెట్టుకోవాలి, పేరు చూసి కాదు.

ఇంకో చిన్న మోసం కూడా ఉంది. బుడగలో పీడనం బిందువులో కంటే రెట్టింపు అని అందరూ అంటారు. రెండూ ఒకే సబ్బునీళ్లతో, ఒకే సైజులో ఉంటేనే అది నిజం. సబ్బు కలిపితే నీటి తలతన్యత పెరుగుతుందని చాలామంది అనుకుంటారు, పొర నిలబడుతోంది కాబట్టి. జరిగేది తలకిందులు. 0.072 కాస్తా 0.025 చుట్టుపక్కలకి పడిపోతుంది. పొర నిలబడటానికి కారణం వేరు. పొర ఎక్కడైనా సాగి పల్చబడితే అక్కడ సబ్బు అణువులు పలచనై, ఆ చోట మాత్రం తలతన్యత కాస్త పెరిగి, చుట్టుపక్కల ద్రవాన్ని తన వైపు లాక్కుంటుంది. పల్చబడ్డ చోటు మళ్లీ పూడుకుంటుంది. మంచినీళ్లకి ఆ సౌకర్యం లేదు. ఇప్పుడు ఒకే సైజు మంచినీటి బిందువుని, సబ్బు బుడగని పక్కపక్కన పెట్టి చూడండి. బిందువులో 2 × 0.072 అంటే 0.144 బై R. బుడగలో 4 × 0.025 అంటే 0.100 బై R. ఎక్కువ పీడనం బిందువులోనే.

బుడగ అంకెలూ ఒకసారి వేద్దాం. ప్రకాశం బ్యారేజీ వైపు సాయంత్రం షికారుకొచ్చిన పిల్లల కోసం అమ్మే బుడగల సీసాలో రింగు ముంచి ఊదితే రెండు సెంటీమీటర్ల వ్యాసార్థం మామూలే. కోత చుట్టు 12.57 సెంటీమీటర్లు, అంచులు రెండు కాబట్టి 25.1 సెంటీమీటర్లు. 0.025 తో గుణిస్తే 0.00628 న్యూటన్లు. కోత ముఖం 12.57 చదరపు సెంటీమీటర్లు. భాగిస్తే 5 పాస్కల్. బయటి వాతావరణ పీడనం లక్ష పాస్కల్ పైచిలుకు. దాని మీద 5 ఎక్కువ. బుడగ ఆకారాన్ని నిలబెడుతున్నది ఆ అయిదే.

R కింద ఉండటం వల్ల వచ్చే పర్యవసానం, చిన్న బుడగలో పీడనం ఎక్కువ, పెద్ద బుడగలో తక్కువ అన్నది, మనసుకి ఓ పట్టాన ఎక్కదు. జాతర బెలూన్ ఊదిన అనుభవం దానికి అడ్డొస్తుంది. బెలూన్‌ని ఊదేకొద్దీ రబ్బరు సాగి బిగుసుకుంటుంది, సాగేకొద్దీ దాని లాగుడు పెరుగుతుంది. సబ్బు పొర అలా కాదు. ఊదినా, వదిలినా T దాదాపు అంతే ఉంటుంది. పొర పెద్దదైతే కొత్త తలం పుడుతుందే తప్ప ఉన్న తలం బిగుసుకోదు. లాగుడు T × అంచు పొడవు, అది R తో పెరుగుతుంది. పీడనం పనిచేసే ముఖం మాత్రం R² తో పెరుగుతుంది. ముఖం అంచు కంటే వేగంగా పెరుగుతోంది కాబట్టి సమతౌల్యానికి తక్కువ పీడనం సరిపోతుంది.

5 పాస్కల్‌ని ఇంట్లో కొలవాలనుకుంటే మొదట తోచేది యు-గొట్టం. సెలైన్ ట్యూబ్‌ని యు లాగా వంచి, రంగునీళ్లు పోసి, ఒక చివర బుడగకి కలపడం. తెలివైన ఆలోచనే గానీ పనిచెయ్యదు. 5 పాస్కల్ అంటే అర మిల్లీమీటరు నీటి ఎత్తు. స్కేలు పెట్టి చదవడం కష్టం, అదొక్కటే కాదు. మూడు మిల్లీమీటర్ల సన్నటి గొట్టంలో నీటి తలం తనకంటూ ఒక వంపు తెచ్చుకుంటుంది. ఆ వంపు దగ్గర మెట్టు ఎత్తు, మళ్లీ అదే 2T/R సూత్రంతో, 96 పాస్కల్ దాకా ఉండగలదు. రెండు కొమ్మల్లోనూ అచ్చం ఒకేలా ఉంటే అవి రద్దయిపోతాయి. గొట్టం గోడకి ఎక్కడో జిడ్డు అంటుకుని ఒక పక్క వంపు కొంచెం మారినా చాలు, మనం వెతుకుతున్న 5 పాస్కల్ ఆ తేడాలో కనపడకుండా పోతుంది. గొట్టాన్ని గోకితే నీటి మట్టం ఒక్కసారిగా జరిగి ఇంకోచోట ఆగితే, మీరు చదువుతున్నది బుడగ పీడనం కాదు, గొట్టం జిడ్డు అని తెలుసుకోవచ్చు.

కొలవడం కంటే చూడటం తేలిక. పావు వంతు గ్లిజరిన్ కలిపిన సబ్బునీళ్లు తీసుకోండి. గ్లిజరిన్ మెడికల్ షాపులో దొరుకుతుంది. మన మే నెల మధ్యాహ్నాల్లో అది లేకపోతే పొరలో నీరు ఆవిరై బుడగ మీ ముందే పగులుతుంది. పొద్దున్నే, ఫ్యాను ఆపి చెయ్యడం మంచిది. అర సెంటీమీటరు బోలు ఉన్న స్ట్రా చివర రెండు సెంటీమీటర్ల వ్యాసార్థం వచ్చేదాకా బుడగ ఊది, నోటి వైపు చివరని వేలితో మూయండి. బుడగ అలాగే ఉంటుంది. ఇప్పుడు ఆ చివర దగ్గర అగరొత్తి పొగ సన్నగా నిలువుగా లేస్తుండగా వేలు తియ్యండి. పొగ పక్కకి వంగుతుంది. ఇరవై సెంటీమీటర్ల స్ట్రాకి లెక్క కడితే 5 పాస్కల్ గాలిని సెకనుకి సుమారు ఒక మీటరు వేగంతో నెట్టగలదు. 33 మిల్లీలీటర్ల గాలి రెండు సెకన్లలోపే ఖాళీ అవుతుంది. బుడగ చిన్నదయ్యేకొద్దీ లోపలి పీడనం పెరుగుతుంది కాబట్టి చివర్లో ఇంకా తొందరగా ముడుచుకుపోతుంది.

అసలు పరీక్ష రెండు బుడగలది. చేపల తొట్టెల షాపులో గాలి గొట్టాలకి వాడే మూడు మూతుల ప్లాస్టిక్ టీ జాయింటు, చిన్న కుళాయిలు దొరుకుతాయి. టీ మూడో మూతి నుంచి ఊదుతూ, ఒక పక్క ఒకటిన్నర సెంటీమీటర్ల వ్యాసార్థం బుడగ చేసి ఆ పక్క కుళాయి మూసి, ఇంకో పక్క మూడు సెంటీమీటర్లది తయారుచేసి, మూడో మూతిని మూసెయ్యండి. మధ్యలో కుళాయి తెరిచే ముందు పిల్లల్ని అడిగితే, రెండూ సమానమైపోతాయని కొందరు, పెద్దది ఖాళీ అయి చిన్నది నిండుతుందని కొందరు అంటారు. కుళాయి తిప్పగానే చిన్నది ఇంకా చిన్నదై, తన గాలినంతా పెద్దదానిలోకి పంపేస్తుంది. 4T/R ప్రకారం చిన్నదానిలో 6.7 పాస్కల్, పెద్దదానిలో 3.3. గాలి ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనానికే పోతుంది, ఇందులో వింత లేదు. ఉన్నవాడి దగ్గరికే ఇంకా చేరినట్టు కనిపించడం వల్ల వింతగా అనిపిస్తుంది, అంతే. ఒకవేళ ఏమీ కదలకపోతే గొట్టంలో ఎక్కడో సబ్బునీటి చుక్క అడ్డుపడి ఉంటుంది. ఈ ప్రయోగం పాడయ్యేది ఎక్కువసార్లు దానివల్లే. గొట్టాన్ని దులిపి మళ్లీ ఊదాలి.

ఇక్కడ ఒక సందేహం మిగిలిపోతుంది. చిన్న బుడగ ముడుచుకునేకొద్దీ R తగ్గి పీడనం పెరుగుతూ పోతే, చివరికి R సున్నా అయి పీడనం అనంతం కావాలి కదా? కాదు, ఎందుకంటే బుడగ గొట్టం మూతిని పట్టుకుని ఉంది. మూతి వ్యాసార్థం 3 మిల్లీమీటర్లు అనుకుందాం. బుడగ ముడుచుకుంటూ వచ్చి మూతి మీద సరిగ్గా అర్ధగోళంగా నిలిచినప్పుడు దాని R కూడా 3 మిల్లీమీటర్లు. అప్పుడు పీడనం 33 పాస్కల్, అదే గరిష్ఠం. ఇంకా గాలి పోతే డొప్ప చదును కావడం మొదలవుతుంది. డొప్ప చదునైతే అది ఏ గోళంలో ముక్కో ఆ గోళం పెద్దదవుతుంది, అంటే R మళ్లీ పెరుగుతుంది, పీడనం పడిపోతుంది. బుడగ సైజు తగ్గుతోంటే R పెరుగుతోందన్నమాట. సూత్రంలో R అంటే బుడగ ఎంత పెద్దది అని కాదు, పొర ఎంత వంగి ఉంది అని.

ఇది ఎక్కడ ఆగుతుంది? రెండు పక్కలా R ఒకటైనప్పుడు. చిన్నదాని గాలి దాదాపు మొత్తం పెద్దదానిలో చేరితే దాని వ్యాసార్థం 3 నుంచి 3.12 సెంటీమీటర్లకి పెరుగుతుంది, పీడనం 3.2 పాస్కల్‌కి దిగుతుంది. చిన్నదాని చోట మూతి మీద మిగిలిన పొర కూడా 3.12 సెంటీమీటర్ల గోళంలో ముక్కలా వంగి ఉండాలి. 3 మిల్లీమీటర్ల వ్యాసార్థమున్న మూతి మీద ఆ వంపు ఎత్తు 0.14 మిల్లీమీటర్లు. కంటికి ఆ పొర బల్లపరుపుగా కనిపిస్తుంది, చాలామంది అలాగే బొమ్మ గీస్తారు కూడా. నిజంగా బల్లపరుపైతే దానికి రెండు వైపులా పీడనం సమానంగా ఉండాలి, అప్పుడు అవతలి బుడగ నిలబడేది కాదు.